ఒకే 😁, రెండు ఫోన్లలో రెండు ముఖాలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో నా పని అక్షరాలతో, బొమ్మలతో. పెళ్లి కార్డులు, వాట్సాప్ ఆహ్వానాలు, షాపుల మెసేజ్‌లు, స్టిక్కర్లు చేస్తుంటాను. ఈ పనిలో ఎమోజీల గురించి వినపడే అపోహలు చాలానే ఉన్నాయి. అన్నీ చెప్పడం మొదలుపెడితే ఇవాళ్టికి తెమలదు. అందుకే ఒక్క ముఖాన్నే తీసుకుంటున్నాను. కళ్లు చిట్లించి పళ్లన్నీ బయటపెట్టే 😁. ఫోన్ మారితే భావం తిరగబడిపోవడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

అపోహ: మనం పంపిన బొమ్మే అవతలి వాళ్లకు చేరుతుంది.

బొమ్మ అసలు వెళ్లదు. వెళ్లేది ఒక నంబరు. 'క' అనే అక్షరానికి ఒక నంబరు ఉన్నట్టే ఈ ముఖానికీ ఉంది. ఈ నంబర్లు ఇచ్చే ప్రపంచ ప్రమాణం పేరు యూనికోడ్. 2010లో వచ్చిన యూనికోడ్ 6.0లో దీన్ని చేర్చారు. మెసేజ్‌లో అది సాధారణంగా నాలుగు బైట్లుగా ప్రయాణిస్తుంది:

```
U+1F601
F0 9F 98 81
```

ఈ నంబరు అందుకున్న ఫోన్ తనలో ఉన్న ఎమోజీ ఫాంట్ తెరిచి, ఆ నంబరుకు ఎదురుగా ఉన్న బొమ్మను తీసి చూపిస్తుంది. ఐఫోన్‌లో యాపిల్ ఫాంట్ ఉంటుంది, శాంసంగ్‌లో శాంసంగ్‌ది, సొంత బొమ్మలు గీయించుకోని బ్రాండ్లలో ఎక్కువగా గూగుల్ వాళ్ల నోటో ఫాంట్ ఉంటుంది. అంటే మీరు పంపిన నవ్వును మీ ఫోన్ గీయలేదు, వాళ్ల ఫోన్ గీసింది. మీరిప్పుడు చూస్తున్న 😁 కూడా మీ దగ్గరున్న ఫోనో యాపో గీసిందే. నా స్క్రీన్ మీద ఉన్నది అదే అని చెప్పలేను.

అపోహ: యూనికోడ్ వాళ్లు బొమ్మ ఇలాగే ఉండాలని రూలు పెట్టారు, కంపెనీలే పాటించడం లేదు.

యూనికోడ్ ఇచ్చేది నంబరు, ఒక పేరు, నమూనాగా ఒక నలుపు తెలుపు బొమ్మ. ఈ ముఖం పేరుకు అర్థం 'నవ్వే కళ్లతో పళ్లికిలించే ముఖం'. నోరు ఎంత వెడల్పుండాలి, పళ్ల మధ్య గీతలు ఉండాలా, బుగ్గలు పైకి లేవాలా అన్నది గీసేవాళ్ల ఇష్టం. పోనీ అందరూ ఒకరి బొమ్మలే వాడుకోవచ్చు కదా అంటే, యాపిల్ గీయించిన బొమ్మలు యాపిల్ సొత్తు, శాంసంగ్ వాటిని తీసి తన ఫోన్‌లో పెట్టుకోలేదు. గూగుల్ నోటో మాత్రం ఎవరైనా వాడుకునే లైసెన్సుతో ఉంది. అందుకే చాలా బ్రాండ్లలో అవే కనిపిస్తాయి.

అపోహ: తేడా అంటే ఏముంది, కాస్త రంగు, కాస్త మెరుపు. నవ్వు నవ్వే.

అసలు కథ ఇక్కడే ఉంది.

2016 సెప్టెంబరుకు ముందు ఐఫోన్‌లో ఈ ముఖం కళ్లు నవ్వుతున్నట్టే వంగి ఉండేవి. నోరు మాత్రం నెలవంకలా పైకి తిరగకుండా అడ్డంగా సాగి, పై పళ్లూ కింది పళ్లూ బిగపట్టినట్టు ఉండేది. పళ్ల మధ్య గీతలు కూడా స్పష్టంగా ఉండేవి. మనిషి నిజంగా నవ్వితే నోటి మూలలు పైకి లేస్తాయి, వాటితోపాటు బుగ్గలు లేచి కళ్లు చిన్నవవుతాయి. మూలలు లేవకుండా పళ్లు మాత్రమే కనిపిస్తే ఆ ముఖం నొప్పిని ఓర్చుకుంటున్నట్టో, ఇరకాటంలో పడ్డట్టో, కోపం దిగమింగుతున్నట్టో ఉంటుంది. అప్పుడు చిట్లిన కళ్లు కూడా నవ్వు వైపు కాక బాధ వైపు సాక్ష్యం చెబుతాయి. అదే సమయంలో ఆండ్రాయిడ్‌లో గూగుల్ గీసిన ముఖం గుండ్రంగా కాకుండా మెత్తటి జెల్లీ ముద్దలా ఉండేది. దాని నోటి మూలలు హాయిగా పైకి లేచి ఉండేవి.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఈ తేడాను కొలిచారు. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, శాంసంగ్, ఎల్‌జీ బొమ్మలను జనానికి చూపించి, మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు మార్కులు వేయమన్నారు. మైనస్ అంటే చెడు భావం, ప్లస్ అంటే మంచి భావం. ఈ ముఖం విషయంలో యాపిల్ బొమ్మకు సగటు సున్నా కిందికి పోయింది. మిగతావాళ్ల బొమ్మలు ప్లస్‌లో నిలిచాయి. గూగుల్ బొమ్మను ఆనందంలో తేలిపోతున్న ముఖమంటే, యాపిల్ బొమ్మను కొట్లాటకు సిద్ధంగా ఉన్న ముఖమన్నారు. నంబరు మాత్రం ఒకటే.

మన దగ్గర ఇది ఎలా ముదురుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 2016 ఎండాకాలం. కావలి దగ్గర రొయ్యల చెరువు చూసుకునే మామ, అందులో సగం వాటా పెట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే మేనల్లుడు. మామది గూగుల్ బొమ్మలున్న ఆండ్రాయిడ్ ఫోన్, అల్లుడిది ఐఓఎస్ 9 సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఐఫోన్. మేత డబ్బులు పంపడంలో అల్లుడు వారం ఆలస్యం చేశాడు. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, అయ్యాక మామ మామూలు ఎస్సెమ్మెస్ పెట్టాడు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య: "పట్టుబడి అయిపోయింది. 70 కౌంట్ వచ్చింది. లెక్క రేపు చూద్దాం 😁"

మామ స్క్రీన్ మీద బుగ్గలు పొంగిన నవ్వు. పని గట్టెక్కిందన్న సంబరం. అల్లుడి స్క్రీన్ మీద బిగించిన పళ్లు. మాటల్లో ఎక్కడా కోపం లేదు, సంతోషమూ లేదు. అలాంటి పొడి మాటలకు స్వరం ఇచ్చేది చివరనున్న ముఖమే. ఆలస్యం చేశానన్న గిల్టీ ఫీలింగ్ అల్లుడికి ముందే ఉంది. "లెక్క రేపు చూద్దాం" అన్నది "నీ సంగతి రేపు చెప్తా" అన్నట్టు వినపడింది. "ఏంది మామా అంత కోపం, వారమేగా లేటయింది" అని జవాబిచ్చాడు. మామకు తలాతోకా అర్థం కాలేదు. నవ్వుతూ పెట్టినదానికి ఈ దెప్పుడేంటని ఇప్పుడు ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

ఇద్దరిలో ఎవరూ తప్పు చదవలేదు. ఎవరి ముందున్న బొమ్మను వాళ్లు సరిగ్గానే చదివారు. ఇలాంటి గొడవను గుర్తుపట్టే ఆనవాలు ఒకటుంది. మాటల్లో లేని కోపాన్ని అవతలివాళ్లు ప్రస్తావిస్తే ముందు ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపమనండి. స్క్రీన్‌షాట్ బొమ్మ కాబట్టి వాళ్లు చూసింది చూసినట్టే వస్తుంది. మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయించుకుంటే లాభం లేదు, మళ్లీ మీ ఫోన్ తన బొమ్మే గీస్తుంది.

కథకు ఒక కొసరు కూడా ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో ఐఓఎస్ 10 వచ్చింది. యాపిల్ ముఖాలన్నిటినీ కొత్తగా గీయించింది, మన 😁 నోరు కూడా నవ్వు వైపు తిరిగింది. అల్లుడు ఫోన్ అప్‌డేట్ చేసుకుని పాత మెసేజ్ తెరిస్తే, అప్పుడు పళ్లు నూరిన మామ ఇప్పుడు నవ్వుతుంటాడు. ఫాంట్ మారితే పాత చాట్లలోని ముఖాలు కూడా మారిపోతాయి.

అపోహ: ఇదంతా ఫోన్ బ్రాండ్ మీదే ఆధారపడుతుంది.

సగమే నిజం. యాప్ కూడా అడ్డం వస్తుంది. వాట్సాప్ 2017 నుంచి ఆండ్రాయిడ్‌లో తన సొంత బొమ్మలే చూపిస్తోంది. కాబట్టి రెడ్‌మీలోనైనా శాంసంగ్‌లోనైనా వాట్సాప్‌లో 😁 ఒకేలా ఉంటుంది. ఐఫోన్‌లో మాత్రం వాట్సాప్ యాపిల్ బొమ్మలనే చూపిస్తుంది. అదే ఎస్సెమ్మెస్‌కి వస్తే ఫోన్ ఫాంటే గతి. పై ఉదాహరణలో ఎస్సెమ్మెస్ అని నొక్కి చెప్పింది అందుకే. అప్పట్లో వాట్సాప్ ఆండ్రాయిడ్‌లో కూడా యాపిల్ బొమ్మలనే చూపించేది. అందులో పంపి ఉంటే మామకూ బిగించిన పళ్లే కనిపించి, వేరే ముఖం ఎంచుకునేవాడేమో.

షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే నాలాంటి వాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. కస్టమర్ ఫోన్‌లో కార్డు మ్యాటర్ పంపుతారు, విండోస్ తన ఫాంట్‌తో ఇంకో ముఖం చూపిస్తుంది. విండోస్ 10లో అయితే ముఖం చుట్టూ లావు నల్ల గీత, రంగులు చదునుగా. అదే నవ్వు ఇంకాస్త మొరటుగా అనిపిస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాముల్లో రంగంతా పోయి ఒట్టి గీతల ముఖం మిగులుతుంది. "సామీ, నేను పెట్టింది ఇది కాదే" అంటారు కస్టమర్. వాళ్లు చెప్పేది నిజమే.

అపోహ: ఇది ఇప్పటికీ అంతే ఘోరంగా ఉంది.

లేదు. యాపిల్ 2016లో మారింది. గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ 8తో జెల్లీ ముద్దలను వదిలి గుండ్రటి ముఖాలకు వచ్చింది. శాంసంగ్ 2018లో గెలాక్సీ ఎస్9తో తన బొమ్మలను మిగతావాళ్లకు దగ్గరగా తెచ్చింది. అంతకుముందు శాంసంగ్‌లో కుకీ ఎమోజీ పెడితే రెండు ఉప్పు బిస్కెట్లు వచ్చేవి, టీ కొట్టులో దొరికే రకం. ఈ మూడు మార్పుల తర్వాత 😁 ఏ కొత్త ఫోన్‌లో చూసినా నవ్వే. మిగిలిన తేడా మోతాదులోనే ఉంటుంది. ఒకచోట పెద్ద నవ్వు, ఇంకోచోట కాస్త వెటకారం కలిసిన నవ్వు. అప్‌డేట్ ఆగిపోయిన పాత ఫోన్లలో మాత్రం పాత ముఖమే ఉంటుంది. ఉదాహరణకు ఐఫోన్ 4ఎస్ ఐఓఎస్ 9 దాటి పోదు, దాంట్లో మామ ఎప్పటికీ పళ్లు బిగించే ఉంటాడు.

అపోహ: అందరి ఫోన్లలో ఒకే బొమ్మ ఉంటే ఇక అపార్థమే ఉండదు.

అదే మిన్నెసోటా పరిశోధనలో ఇద్దరికి ఒకే కంపెనీ గీసిన ఒకే బొమ్మను చూపించినా, అది మంచి భావమా, చెడు భావమా, మామూలా అన్న దగ్గరే 25 శాతం సందర్భాల్లో అభిప్రాయం కలవలేదు. అంటే ఫాంట్ కలిస్తే ఒక పొర తొలగుతుంది, చదివే మనిషి పొర అలాగే ఉంటుంది. మన ఇళ్లలో కుర్రాళ్లు 😁ను ఆటపట్టించడానికి పెడతారు, పెద్దవాళ్లు ఆశీర్వాదం పక్కన పెడతారు. దీనికి ఏ కంపెనీ ఫాంటూ మందు వేయలేదు.

నా దగ్గరికి వచ్చే షాపుల వాళ్లకు నేను చెప్పేది ఇంతే. బాకీ గుర్తుచేసే మెసేజ్‌లో, ఆలస్యానికి క్షమాపణ చెప్పే మెసేజ్‌లో పళ్లు కనిపించే ముఖం పెట్టొద్దు. పెట్టాల్సి వస్తే నోరు మూసి నవ్వే 🙂 మీద కూడా నాకు అంత నమ్మకం లేదు, చాలామంది యువకులు దాన్ని ఎత్తిపొడుపుగా చదువుతారు. చేతులు జోడించిన 🙏 మన దగ్గర నమస్కారంగానే చెల్లుతోంది. బొమ్మ కచ్చితంగా ఇలాగే కనపడాలి అంటే ఎమోజీగా కాకుండా స్టిక్కరుగానో ఫొటోగానో పంపాలి, ప్రింటుకైతే ఆ ముఖాన్ని బొమ్మ ఫైలుగా పెట్టుకోవాలి. ఏ ఫోన్‌లో ఎలా ఉంటుందో ముందే చూడాలంటే ఎమోజీపీడియా సైటులో ఆ ముఖం పేజీ తెరిస్తే కంపెనీలవారీగా, పాత వెర్షన్లతో సహా పక్కపక్కనే కనిపిస్తాయి. అంత ఓపిక లేకపోతే ఇంట్లో ఉన్న రెండు వేరే బ్రాండ్ల ఫోన్లు పక్కన పెట్టుకుని ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎస్సెమ్మెస్ పెట్టండి. వాట్సాప్‌లో చూస్తే తేడా దాగిపోవచ్చు.