ఫ్లాట్ ప్రకటనలో నీళ్ల సంగతి రాయవచ్చా? - అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ నిజాంపేటలోని ఒక రీసేల్ ఫ్లాట్‌కు నేను రెండుసార్లు ప్రకటన రాశాను. మొదటిది ఇలా ఉంది: "లగ్జరీ టూ బీహెచ్‌కే, 1,150 ఎస్‌ఎఫ్‌టీ, 24 గంటల నీళ్లు, మెట్రోకు దగ్గర, ధర కోసం ఫోన్ చేయండి." పది రోజుల్లో నలభైకి పైగా ఫోన్లు వచ్చాయి. పదకొండు మంది వచ్చి చూశారు. రెండోసారి వచ్చినవారు ఒక్కరూ లేరు. ఆ ప్రకటన తీసేసి మళ్లీ రాసేటప్పుడు మా ఏజెంట్ల వృత్తిలో చెప్పుకునే కొన్ని మాటలను పక్కన పెట్టాల్సి వచ్చింది.

అపోహ: విస్తీర్ణం ఎంత పెద్ద అంకెలో ఉంటే అంత మంచిది.

వాస్తవం: 1,150 అనేది సూపర్ బిల్టప్. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలిసి ఉంటుంది. 2016 రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా వేరు. లోపలి అడ్డుగోడల మందం అందులోకి వస్తుంది. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ రావు. టేపు పట్టుకుని ఈ ఫ్లాటును కొలిస్తే 800 చదరపు అడుగులు తేలింది. ఓనరు అడిగిన ధర 62 లక్షలు. అంటే ప్రకటన లెక్కలో అడుగు 5,391 రూపాయలు, కాలు మోపే చోటు లెక్కలో 7,750. కొనేవారు హాల్లో అడుగుపెట్టగానే "ఇదేనా 1,150?" అని ముఖం చిట్లించేది ఈ తేడాను చూసే. అందుకే రెండు అంకెలూ రాశాను. గదుల కొలతలు విడిగా ఇచ్చాను. చిన్న పడకగది 10 అడుగులకు 9 అని ఉంటే, ఆరడుగుల మంచం, బీరువా రెండూ పడతాయో లేదో ఇంట్లో కూర్చునే లెక్క వేసుకోవచ్చు. యూడీఎస్, అంటే స్థలంలో విడదీయని వాటా, 38 గజాలు. దీన్ని సేల్‌డీడ్ చూసి రాయాలి, ఓనరు నోటిమాట మీద కాదు.

అపోహ: లోపం రాస్తే ఫోన్ మోగదు.

వాస్తవం: లోపాన్ని కొలత లేకుండా రాస్తేనే మోగదు. "నీటి సమస్య ఉంది" అంటే ఎవరైనా భయపడతారు. నేను అపార్ట్‌మెంట్ సంఘం లెక్కల పుస్తకం అడిగి తీసుకుని, కిందటి మే నెల పేజీ చూశాను. ట్యాంకర్లు 18, ఒక్కోటి 900 రూపాయలు. మొత్తం 16,200ను 15 ఇళ్లకు పంచితే ఇంటికి 1,080. ప్రకటనలో ఇలా పెట్టాను: "మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు. వేసవిలో బోరు తగ్గుతుంది. కిందటి మేలో ట్యాంకర్లకు ఇంటికి 1,080 రూపాయలు, నెల మెయింటెనెన్స్ 2,500కు అదనం. కార్ పార్కింగ్ ఒకటి. మన కారు వెనుక పక్కింటి వారి కారు నిలుస్తుంది. మెట్రోకు నడవలేరు, ఆటో ఎక్కాలి."

ఓనరు పెద్దాయన చదివి, "మన చెడును మనమే చాటుకుంటామా బాబూ?" అన్నారు. కోపం వచ్చినట్టే ఉంది. పార్కింగ్ మాట తీసేయమన్నారు. అది తీసేస్తే, వచ్చినవాళ్లు అక్కడే తిరిగి వెళ్లిపోతారని చెప్పి ఒప్పించాను. మొదటి పదకొండు మందిలో నలుగురు మొగ్గు చూపి కూడా, కిందికి దిగి స్టిల్ట్ పార్కింగ్‌లో ఆ రెండు కార్లను చూశాకే మౌనమైపోయారు మరి.

అపోహ: గేటు తూర్పుకు ఉంటే ఈస్ట్ ఫేసింగ్ అని రాయవచ్చు.

వాస్తవం: ఫ్లాటుకు చూసేది సింహద్వారం. ఇక్కడ అది పడమర. దిక్సూచి ఫోనులోనే ఉంటుంది, వచ్చినవారు గుమ్మంలో నిలబడి తీసి చూస్తారు. వాస్తు పట్టింపు ఉన్నవారికి ఒక ఆదివారం మిగల్చడం నాకూ లాభమే.

అపోహ: ధర దాస్తే ఫోన్లు ఎక్కువ వస్తాయి.

వాస్తవం: వస్తాయి. ఎక్కువగా తోటి ఏజెంట్లవి, బడ్జెట్ 45 లక్షలు ఉన్నవారివి.

రెండో ప్రకటనకు రెండు వారాల్లో తొమ్మిది ఫోన్లే వచ్చాయి. నలుగురు చూడటానికి వచ్చారు. వారిలో ఒక బ్యాంకు ఉద్యోగిని గదుల కొలతలు ముందే కాగితం మీద వేసుకుని వచ్చారు. గదులు చూడటానికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కిందికి దిగి, "ఆ వెనుక కారు వారు ఉదయం ఎన్నింటికి బయల్దేరతారండీ?" అని అడిగారు. ఎనిమిదింటికని వాచ్‌మన్ చెప్పాడు. ఆమెది తొమ్మిదిన్నర. బేరం మాత్రం గట్టిగానే ఆడారు. ట్యాంకర్ లెక్క నా ప్రకటనలోంచే తీసి చూపించి లక్షన్నర తగ్గించుకున్నారు. 60.5 లక్షలకు అగ్రిమెంట్ రాసుకున్న రోజు పెద్దాయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ లక్షన్నర నా వల్లే పోయిందని ఆయన ఇప్పటికీ అంటారు.