రోమా 8:28 — "అంతా మన మంచికే" అని పౌలు చెప్పలేదు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసే వాగ్దాన కార్డుల మీదా, చర్చి క్యాలెండర్ల మీదా, పెళ్లి శుభలేఖల పైనా తరచుగా కనిపించే వచనాల్లో ఇదొకటి. అక్కడ కనిపిస్తే పెద్ద నష్టం లేదు. నష్టమంతా చావు ఇంట్లో జరుగుతుంది. సమాధి తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నారో లేదో, ఎవరో ఒకరు తల్లి పక్కన కూర్చుని "ఏడవకమ్మా, సమస్తమును మేలుకే కదా జరుగుతాయి" అంటారు. సంఘాల్లో పరిచర్య చేసేవాళ్లు ఈ మాటను సరిచేయాల్సి వచ్చినన్ని సార్లు మరే మాటనూ సరిచేయాల్సి రాదేమో. అందుకే దీని గురించే ఎక్కువ చెప్పి, మిగతావి క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: జరిగిన ప్రతిదీ మంచిదే, లేదా మంచి కోసమే దేవుడు జరిపించాడు

ముందు వచనం మొత్తం చదువుకుందాం. "దేవుని ప్రేమించువారికి, అనగా ఆయన సంకల్పముచొప్పున పిలువబడినవారికి, మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవని యెరుగుదుము." ఇందులో బరువంతా "సమకూడి" అనే మాట మోస్తోంది. మనం నోటితో చెప్పేటప్పుడు ఎక్కువగా జారవిడిచేది కూడా ఆ మాటనే. అది తీసేస్తే మిగిలేది "సమస్తమును మేలుకే జరుగుచున్నవి". అప్పుడది పౌలు వాక్యం కాదు, మన సామెత.

ఆ సామెత వెనకున్న కథ అందరికీ తెలిసిందే. రాజుకు వేలు తెగితే మంత్రి "అంతా మన మంచికే" అంటాడు, రాజు అతన్ని చెరసాలలో వేయిస్తాడు. తర్వాత అడవిలో రాజును బలివ్వబోయినవాళ్లు వేలు లేదని వదిలేస్తారు. మంత్రి కూడా "నేను చెరసాలలో లేకపోతే నన్ను బలిచ్చేవారు" అంటాడు. కథ సరదాగానే ఉంటుంది, ప్రసంగాల్లో ఈ వచనానికి ఉదాహరణగా కూడా వాడుతుంటారు. చిక్కేమిటంటే, ఆ కథలో వేలు తెగడమే మేలవుతుంది. కొద్ది రోజుల్లోనే కారణం బయటపడుతుంది, లెక్క సరిపోతుంది. పౌలు ఈ రెండింటిలో ఏదీ మాట ఇవ్వలేదు. జరిగింది దానంతటది మంచిదనీ అనలేదు, కారణం మీకు త్వరలో తెలుస్తుందనీ అనలేదు.

గ్రీకు మూలం చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. "సమకూడి జరుగుచున్నవి" అన్నచోట ఉన్న క్రియ "సునెర్గెయ్", అంటే కలిసి పనిచేయడం. ఇదే పత్రిక 16వ అధ్యాయంలో ప్రిస్కిల్ల, అకులలను "జతపనివారు" అన్నచోట ఉన్నదీ ఇదే కుటుంబానికి చెందిన మాట. ఇక్కడ కర్త ఎవరన్నది అసలు ప్రశ్న. "సమస్తము" అనే గ్రీకు మాట "పాంత" కర్తగా వచ్చినా కర్మగా వచ్చినా ఒకే రూపంలో ఉంటుంది. పైగా నపుంసక బహువచనానికి గ్రీకులో ఏకవచన క్రియే వస్తుంది. కాబట్టి "సమస్తం కలిసి పనిచేస్తోంది" అనీ చదవొచ్చు, "ఆయన సమస్తంలోనూ పనిచేస్తున్నాడు" అనీ చదవొచ్చు. పీ46 అనే చాలా పాత పపైరస్ ప్రతిలోనూ, 4వ శతాబ్దపు వాటికన్ ప్రతిలోనూ "దేవుడు" అనే మాట కర్తగా స్పష్టంగానే ఉంది. మిగతా ప్రతులు చాలావాటిలో లేదు. ఏ పాఠం అసలుదన్న చర్చ పండితులకు వదిలేయొచ్చు. ఎందుకంటే తర్వాతి రెండు వచనాలు చూస్తే పౌలు మనసులో ఎవరున్నారో తెలిసిపోతుంది. ముందు ఎరిగెను, నిర్ణయించెను, పిలిచెను, నీతిమంతులుగా తీర్చెను, మహిమపరచెను: ఐదు క్రియలు, ఐదింటికీ కర్త దేవుడే.

అంటే సంఘటనలకు వాటంతటవే మేలు చేసే గుణమేమీ లేదు. యాక్సిడెంటు, క్యాన్సరు, మోసం వాటి దారిన వదిలేస్తే మంచి వైపు తిరగవు. అవి చెడ్డవైనా వాటి మధ్య దేవుడు పని ఆపలేదన్నదే ఈ వచనం చెప్పేది. కేకులో మైదా, సోడా విడివిడిగా రుచించవు, కలిస్తే బాగుంటాయి అనే ఉదాహరణ వాడేవాళ్లకు ఒక మాట: మైదాను వంటవాడు కావాలని కొని తెచ్చుకున్నాడు. హత్యను అలా అంగట్లో కొన్న సరుకుగా చెప్పకండి.

యోసేపు సంగతి కూడా ఇక్కడే చూడాలి, ఎందుకంటే ఈ వచనానికి జోడీగా అందరూ ఆదికాండము 50:20 ఎత్తుతారు. లెక్క వేసి చూడండి. కథ మొదలయ్యేసరికి అతనికి 17 ఏళ్లు, అప్పుడే అన్నలు అమ్మేశారు. ఫరో ముందు నిలబడింది 30వ ఏట. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరవు గడిచాక తండ్రి ఐగుప్తుకు వచ్చాడు. అప్పటికి యోసేపుకు సుమారు 39. యాకోబు అక్కడ 17 ఏళ్లు బతికి చనిపోయాక గానీ ఆ మాట యోసేపు నోట రాలేదు. గోతిలో పడ్డ నాటి నుంచి దాదాపు 39 ఏళ్లు! ఆ మాటన్నది కూడా పక్కవాడు కాదు, దెబ్బ తిన్నవాడే. పైగా అన్నల తప్పును తప్పు కాదనలేదు. "మీరు నాకు కీడుచేయనుద్దేశించితిరి" అని ముందు చెప్పి, ఆ తర్వాతే దేవుని ఉద్దేశం గురించి మాట్లాడాడు. గోతి దగ్గర నిలబడి ఎవరూ యోసేపుకు ఈ వచనం చెప్పలేదు.

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. 22 ఏళ్ల కొడుకు బైకు మీద వెళ్తూ చనిపోయాడనుకోండి. మూడో రోజు తల్లికి "మేలుకే" అని చెప్పారు. ఆమె చెవికి వినిపించేది ఇది: నా బిడ్డ చావడం నాకు మంచిది, దేవుడికి అది కావాలి. ఆ రోజు నుంచి ఆమె ఆ మంచి ఏమిటా అని వెతుకుతుంది. ఆర్నెల్లకు ఇన్సూరెన్సు డబ్బు వస్తుంది, ఇంటి మీద స్లాబు పడుతుంది. "చూశావా, దేవుడు మేలు చేశాడు" అని ఇంకెవరో అంటారు. కొడుక్కీ స్లాబుకీ లంకె పెట్టిన ఆ మాటతో కొందరు చర్చికి రావడం మానేస్తారు. ఇంకొందరు మానరు కానీ దేవుడంటే లోలోపల భయపడుతూ బతుకుతారు. ఈ రెండో రకం బయటికి కనిపించదు. ప్రార్థనలో వాళ్లు ఏదీ అడగరు, "నీ చిత్తం ప్రభువా" అని మాత్రమే అంటారు. ఏళ్ల తరబడి అలాగే ఉంటే అది విధేయతేనా, భయమా అని మెల్లగా కనుక్కోవాలి.

అపోహ: మేలు అంటే పోయినదానికి బదులు దొరికేది

ఉద్యోగం పోతే ఇంకా మంచి ఉద్యోగం, సంబంధం తప్పితే ఇంకా మంచి సంబంధం, వీసా రాకపోతే మరో దేశం. అలా జరిగితే సంతోషమే, సాక్ష్యం చెప్పుకోవచ్చు. కానీ ఇక్కడి "మేలు" ఏమిటో పౌలు 29వ వచనంలోనే చెప్పేశాడు: "తన కుమారునితో సారూప్యము గలవారవుటకు". క్రీస్తు పోలికలోకి మారడం, చివరికి 30వ వచనంలోని మహిమ. 35వ వచనంలో ఇచ్చిన జాబితాలో కరవు, వస్త్రహీనత, ఖడ్గం ఉన్నాయి. వాటి నుంచి తప్పిస్తాడని అనలేదు, అవి క్రీస్తు ప్రేమ నుంచి ఎడబాపలేవన్నాడు. పౌలు ఈ పత్రికను కొరింథు నుంచి సుమారు క్రీ.శ. 57లో రాయించాడు, రాసింది తెర్తియు. చదివిన రోమా సంఘం మీద నీరో హింస పడింది 64లో. మధ్యలో ఏడేళ్లే. "ఇంకా మంచి ఉద్యోగం" అనే అర్థం అక్కడ నిలబడదు.

అపోహ: మేలు జరగలేదంటే నీలో ప్రేమ తక్కువ

"దేవుని ప్రేమించువారికి" అన్నది పరీక్ష పేపరు కాదు. వెంటనే "అనగా ఆయన సంకల్పముచొప్పున పిలువబడినవారికి" అని పౌలే విప్పి చెప్పాడు. బరువు ఆయన పిలుపు మీద ఉంది, మన ప్రేమ కొలత మీద లేదు. రోగి మంచం దగ్గర ఈ వంక పెట్టేవాళ్లను బయటికి పంపించండి, మొహమాటం అక్కర్లేదు.

కొట్టే భర్త దగ్గరికి ఆడపిల్లను తిరిగి పంపడానికో, డాక్టరు రాసిన మందులు మాన్పించడానికో ఈ వచనం వాడేవాళ్లూ ఉన్నారు. 12వ అధ్యాయంలో ఇదే పౌలు "చెడ్డదాని నసహ్యించుకొ"నుమన్నాడు. చెడ్డదాన్ని మేలని పిలిచి భరించమని ఎక్కడా అనలేదు.

మరి చావు ఇంట్లో ఏం చదవాలి?

మొదటి వారం 28ని పక్కన పెట్టండి. అదే అధ్యాయంలో వెనక్కి వెళ్లండి. 22లో "యెరుగుదుము" అన్నాడు పౌలు, సృష్టంతా మూలుగుతోందని. 28లో మళ్లీ "యెరుగుదుము" అన్నాడు. ఈ రెంటి మధ్య 26లో "ఏలాగు ప్రార్థన చేయవలెనో మనకు తెలియదు" అని ఉంది. సృష్టి మూలుగుతోంది, మనం మూలుగుతున్నాం, ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో ఆత్మ విజ్ఞాపన చేస్తున్నాడు. మాట రాని ఇంటికి కావలసింది 26. దాన్ని ఒక్కసారి నెమ్మదిగా చదివి, వివరించకుండా కూర్చోండి. "ఏడ్చువారితో ఏడువుడి" అని 12:15లో ఉంది, అది చేయండి.

లాజరు సమాధి దగ్గర యేసు ఏం చేశాడో గమనించండి. కొద్దిసేపట్లో లేపబోతున్నానని ఆయనకు తెలుసు. నేనక్కడ లేకపోవడం మీ విశ్వాసానికి మంచిదైంది అనే మాట ఆయన అన్నాడు కూడా. కానీ అన్నది బయలుదేరకముందు, శిష్యులతో. మరియ కాళ్ల మీద పడి ఏడ్చినప్పుడు ఆమెతో ఆ మాట అనలేదు, కన్నీళ్లు విడిచాడు.

28వ వచనాన్ని ఎప్పుడు తీయాలంటే, ఆ ఇంటివాళ్లే "ఇందులో దేవుడు ఎక్కడున్నాడండీ" అని అడిగినప్పుడు. అప్పుడు కూడా 18 నుంచి 39 వరకు కలిపి చదవండి, మహా అయితే ఐదు నిమిషాలు పడుతుంది. 36కు వచ్చాక తొందరపడొద్దు: "నిన్ను బట్టి దినమెల్ల మేము వధింపబడినవారము". అది 44వ కీర్తన 22వ వచనం, పౌలు కావాలనే తెచ్చాడు. ఆ కీర్తన తెరిచి 23 కూడా చదివి వినిపించండి. "ప్రభువా, మేల్కొనుము నీవేల నిద్రించుచున్నావు?" అని అరుస్తున్నది దేవుని ప్రజలే. ఆ తల్లి మూడు రోజులుగా అడుగుతున్నదీ దాదాపు ఇదే.