టిక్కీలు ముంబైలో ఉండిపోయాయి

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను విజయవాడ నుంచి మేం నడుపుతున్నాం. అది ముంబై క్లౌడ్‌లో ఉండేది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ సర్వర్ల కేంద్రాన్ని, అంటే రీజియన్‌ను, తెరిచింది కాబట్టి అక్కడికి మారుద్దామనుకున్నాం. ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి పేరు అడిగితే సర్వరు అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ రికార్డులో, ఆ జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే టీటీఎల్‌ను 86400 నుంచి 60కి తగ్గించి, వెంటనే అడ్రస్ కూడా మార్చేసి ఇళ్లకు వెళ్లిపోయాం.

సోమవారం తొమ్మిదిన్నరకు గుమస్తా ఫోన్ చేశాడు. "సార్, పొద్దున నేను ఎక్కించిన లాట్లు మా ఓనరుగారి సెల్లులో కనపడట్లేదంటండీ."

గుంటూరులోనే ఉన్న మా కుర్రాడు ఆ ఆఫీసు లైనుకు లాప్‌టాప్ తగిలించి, మా పేరుకు ఏ అడ్రస్ వస్తోందో dig కమాండ్‌తో అడిగి చూశాడు. పేరు, నంబర్లు మార్చి చూపిస్తున్నా:

```
$ dig +noall +answer app.example.com
app.example.com.  28764  IN  A  203.0.113.10
```

203.0.113.10 అంటే పాత ముంబై సర్వరు. 28764 అంటే ఆ జవాబును ఇంకా దాదాపు ఎనిమిది గంటలు దాచి ఉంచుకుంటానని వాడకందార్ల తరఫున అడ్రస్ అడిగి తెచ్చిపెట్టే ఆ ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్ చెబుతోంది. మళ్లీ అడిగితే అంకె తగ్గుతూ వస్తుంది. మా రికార్డు ఉండే అసలు నేమ్‌సర్వర్‌ను అడిగితే మాత్రం ఎప్పుడూ నిండుగా 60 అనే వస్తుంది. దాచిన జవాబుకూ అసలు జవాబుకూ తేడా కనిపెట్టేది ఇక్కడే. మేం రికార్డు మార్చడానికి అరగంట ముందు, అయిదున్నరకు, ఆ రిజాల్వర్ పాత జవాబును 24 గంటల గడువుతో పట్టుకెళ్లింది. ఆ తర్వాత మేం టీటీఎల్ తగ్గించినట్టు దానికి తెలిసే దారే లేదు. ఓనరు సెల్లు వేరే రిజాల్వర్‌ను అడిగి హైదరాబాద్‌కు వెళ్లింది. గుమస్తా ఎక్కించినవి ముంబైలో మేం ఆపకుండా వదిలేసిన పాత డేటాబేస్‌లో పడ్డాయి.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, దీనికి మందు 1987లోనే రాసిపెట్టి ఉంది. అంతకుముందు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో మెషిన్ల పేర్లన్నీ HOSTS.TXT అనే ఒకే ఫైల్లో ఉండేవి. అందరూ దాన్ని దించుకునేవారు. నెట్‌వర్క్ పెరిగేసరికి అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. అడిగినవాళ్లు జవాబును కొంతకాలం తమ దగ్గరే ఉంచుకోవచ్చు, ఎంతకాలమో రికార్డు యజమాని సెకన్లలో చెబుతాడు. అదే టీటీఎల్. మామూలు మెషిన్లకు గడువు రోజుల్లో ఉండటమే మేలనీ, మార్పు వస్తుందని ముందే తెలిస్తే ముందుగా తగ్గించుకుని, అయ్యాక మళ్లీ పెంచుకోమనీ 1987 నాటి డీఎన్‌ఎస్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 1034 చెబుతుంది. "ముందుగా" అంటే కనీసం పాత గడువంత ముందుగా. మా లెక్కలో శనివారం సాయంత్రమే తగ్గించాల్సింది.

అన్నీ ముంబైకే వెనక్కి తిప్పి, రెండోసారి బుద్ధిగా చేశాం. ముందు రోజే టీటీఎల్ తగ్గించి, ఈసారి ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా మళ్లిద్దామనుకున్నాం. రెండు చోట్లా ఒకే డేటాబేస్ వాడేలా సర్ది, అమెజాన్ డీఎన్‌ఎస్ సేవ రూట్ 53లో ఒకే పేరుకు రెండు రికార్డులు పెట్టాం: ముంబైకి వెయిట్ 90, హైదరాబాద్‌కు 10. అక్కడ వెయిట్ 0 నుంచి 255 దాకా ఇవ్వొచ్చు, మొత్తంలో దాని వాటాయే లెక్క. పదిమందిలో ఒకరు హైదరాబాద్ వెళ్తారని మా ఊహ.

లాగులు చూస్తే అలా లేదు. హైదరాబాద్ సర్వరు చాలాసేపు ఖాళీగా ఉండి, ఉన్నట్టుండి ఒక నిమిషం గుంటూరంతా మీద పడినట్టు నిండిపోయి, మళ్లీ ఖాళీ. ఎందుకంటే నేమ్‌సర్వర్‌కు వాడకందారు కనపడడు, రిజాల్వరే కనపడుతుంది. ముంబైయా, హైదరాబాదా అని వెయిట్ల ప్రకారం చీటీ తీసేది దాని కోసం. వచ్చిన జవాబునే అది 60 సెకన్లపాటు తన వెనకున్న వాళ్లందరికీ పంచుతుంది. మా వాడకందార్లలో ఎక్కువమంది ఒకే ఇంటర్నెట్ కంపెనీ లైన్లు వాడతారు. లక్షలమంది, వేల రిజాల్వర్లు ఉన్నచోట ఈ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. మాలాంటి ఒక్క ఊరి వ్యాపారానికి వెయిట్ అంటే మనుషుల వాటా కాదు, నిమిషాల వాటా.

దీనికి తోడు, గడువు తీరినప్పుడల్లా కొత్త చీటీ. మేం లాగిన్ వివరాలు ఏ సర్వరువి ఆ సర్వర్లోనే ఉంచడంతో, అటూ ఇటూ అయినవాళ్లందరినీ పాస్‌వర్డ్ మళ్లీ అడిగింది. వాటిని కూడా ఉమ్మడి చోటికి మార్చాకే ఫోన్లు ఆగాయి.

చివరికి ముంబై వెయిట్ సున్నా చేశాం. నిమిషాల్లో రద్దీ పడిపోయింది, కానీ ఒక్క కంప్యూటర్ మాత్రం రోజుల తరబడి అక్కడికే వస్తూనే ఉంది. అది కాటా దగ్గరిది. అందులోని పాత ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒక్కసారి పేరు అడిగి, వచ్చిన అడ్రస్‌నే పట్టుకుని కూర్చుంటుంది. టీటీఎల్ సంగతి దానికి పట్టదు. "సీజన్లో దాన్ని ఆపమంటారేంటి సార్, లారీలు నిలబడిపోతాయి" అన్నారు. అందుకే ముంబై సర్వరును ఉంచేశాం. ఒక రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున కాటా కంప్యూటర్ హైదరాబాద్‌లో కనపడింది.