48-49 సెషన్‌లో ఆ ఒక్క రన్ ఎవరిది? బెట్టింగ్ అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో లైసెన్సు ఉన్న ఒక బెట్టింగ్ కంపెనీలో క్రికెట్ రేట్లు కట్టడం నా పని. ఐపీఎల్ మొదలైందంటే ఊరి నుంచి ఫోన్లు ఆగవు. బాబాయి కొడుకు ఒకరోజు అర్ధరాత్రి చేశాడు. "అన్నా, బుకీ 6 ఓవర్ల రన్లకి 48-49 పెట్టాడు. నేను ఎస్ కొట్టా, నా రూమ్మేటు నో కొట్టాడు. సరిగ్గా 48 వచ్చింది. ఇద్దరివీ పోయాయంటున్నాడు. అదెలా?"

వాడి అపోహే నాకు ఎక్కువగా తగిలే అపోహ, జనం డబ్బు ఎక్కువగా తినేదీ అదే: ఇన్ని ఓవర్లలో ఎన్ని రన్లు వస్తాయని కాసే ఈ సెషన్ పందెం అంటే బొమ్మాబొరుసు, వెయ్యికి వెయ్యి ఇస్తాడు, కమీషనే లేదు.

కమీషన్ ఉంది, ఆ రెండు అంకెల మధ్య ఉంది. నో 48 అంటే 48 కొట్టరని, కాబట్టి 47 దగ్గరే ఆగిపోవాలి. ఎస్ 49 అంటే కనీసం 49 రావాలి. 48 వస్తే అటువాడిదీ ఇటువాడిదీ బుకీకే. పవర్‌ప్లే స్కోరు సరిగ్గా 48 దగ్గర ఆగేది నూటికి మూడుసార్లు అనుకుందాం. మిగిలిన 97ని సమానంగా పంచితే నీ వాటా 48.5. అంటే వెయ్యి చొప్పున వంద పందేలు వేస్తే దాదాపు 3,000 పోతుంది, అదీ అదృష్టం మామూలుగా ఉంటేనే.

ఇప్పుడు "ఈ ఓవర్లో 7-8" చూడండి. 6 ఓవర్ల స్కోరు ఎక్కడెక్కడో పడుతుంది కానీ ఒక్క ఓవర్ స్కోరు ఎంతో మారదు, సరిగ్గా 7 రావడం చాలా మామూలు సంగతి. నూటికి పదిసార్లు వస్తుందనుకుంటే అదే వంద పందేలకు పోయేది 10,000. తేడా రెండుచోట్లా ఒక్క రన్నే, కానీ సెషన్ ఎంత చిన్నదైతే ఆ ఒక్క రన్ అంత ఖరీదు. పైగా టీ20లో ఓవర్లు నలభై, ప్రతి ఓవర్‌కీ చెయ్యి దురద.

మొత్తం స్కోరు ఒక అంకెకు పైనా కిందా అని కాసే ఓవర్-అండర్‌లో 165.5 అని అర రన్ పెడతారు కదా, మధ్యలో పడే అంకే లేదు కదా అంటారు. నిజమే, అక్కడ కోత రేటులో ఉంటుంది. రెండువైపులా 1.90 అంటే వెయ్యి పెట్టి గెలిస్తే లాభం 900, ఓడితే పోయేది 1,000. సగం సగం గెలిచినా వంద పందేలకు 5,000 నష్టం. నష్టం లేకుండా బయటపడాలన్నా 52.6 శాతం గెలవాలి.

తర్వాతి అపోహ ఆటగాడి రన్ల మీద. "అతని సగటు 40, లైను 27.5 పెట్టారు, ఫ్రీగా ఇస్తున్నారు!" ఈ మాట విన్న ప్రతిసారీ తల పట్టుకుంటాను. మేం లైను పెట్టేది సగటు దగ్గర కాదు, సగంసార్లు దాటి సగంసార్లు దాటని చోట. పది ఇన్నింగ్స్ తీసుకోండి, అన్నిట్లోనూ అవుటే: 0, 4, 9, 14, 22, 31, 45, 63, 88, 124. మొత్తం 400, సగటు 40. అయినా 27.5 దాటింది ఐదుసార్లే. ఆ 88, 124 సగటును పైకి లాగేశాయి, పందెంలో మాత్రం 124కీ 31కీ ఒకటే విలువ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టీవీ చూసి ముందే పట్టేయొచ్చనుకోకండి, మీ స్క్రీన్ మీదికి బంతి వచ్చేలోపు గ్రౌండ్‌లో అది అయిపోయి ఉంటుంది, ఫోన్‌లో స్ట్రీమింగ్ అయితే ఇంకా ఆలస్యం. "సెషన్ ఫిక్స్, పక్కా టిప్" అమ్మేవాడు సగంమందికి ఎస్, సగంమందికి నో పంపిస్తాడు, గెలిచిన సగం మళ్లీ డబ్బు కడుతుంది. ఫిక్సింగ్ జరగదని కాదు, 2010 లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు డబ్బు కోసం కావాలని వేసిన నోబాల్స్ గుర్తున్నాయి కదా, కానీ అది తెలిసినవాడు మీకు 500కి అమ్మడు.

ఇంకొకటి, భయపడి మెసేజ్‌లు పెట్టేవాళ్ల కోసం. డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రమే చట్టం తెచ్చింది. ఇక్కడ ఇంగ్లండ్‌లోనైతే లెక్క తేల్చే నియమాలు ముందే రాసి ఉంటాయి, తేడా వస్తే అడగడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడ పందెం ఖాతా, అంటే ఐడీ, ఇచ్చిన ఏజెంటు చెప్పిందే లెక్క. కిందటేడు ఒకబ్బాయి, ఐడీలో 80,000 కనిపిస్తోంది, తీయాలంటే ట్యాక్స్ కింద ఇంకో 20,000 కట్టమంటున్నారు, ఇంట్లో తెలిస్తే చంపేస్తారు అని రాశాడు. ఆ 80,000 ఉత్త అంకె తమ్ముడూ, ఆ 20,000 కట్టకు, స్క్రీన్‌షాట్లు తీసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్ అన్నాను. అప్పటికే ఒకసారి కట్టేశాడట.