గేటు దగ్గర ఆపేసిన ఉద్యోగం: 240 రోజుల లెక్క వెనక కథ

విజయనగరం జిల్లాలోని ఒక జనపనార మిల్లు అనుకుందాం. ఆరేళ్ల ఎనిమిది నెలలు పనిచేసిన కార్మికుణ్ణి ‘ఆర్డర్లు లేవు, రేపట్నుంచి రావద్దు’ అని గేటు దగ్గరే పంపేశారు. కాగితం లేదు, డబ్బు లేదు.

ఇలాంటి తొలగింపుకు చట్టం షరతులు పెట్టింది 1953లో. మిల్లుల్లో సరుకు పేరుకుపోయి లేఆఫ్‌లు పెరుగుతున్న రోజుల్లో మొదట ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ సెక్షన్ చేరింది. కారణం చూపుతూ నెల రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం చెల్లించాలి. దాంతోపాటు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్కనూ ఏడాదిగానే లెక్కిస్తారు. కాబట్టి ఇతనికి ఏడేళ్లు, అంటే 105 రోజులు. రోజుకు 450 రూపాయలైతే పరిహారం 47,250. ఈ సొమ్ము తొలగించేటప్పుడే చేతికందాలని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత చెక్కు పంపినంత మాత్రాన తొలగింపు చెల్లదు.

ఒంటరి కార్మికుడికి మాత్రం దారి ఆలస్యంగా దొరికింది. 1965లో 2ఏ సెక్షన్ వచ్చేదాకా యూనియన్ తలకెత్తుకుంటేనే అది వివాదం. 2010 సవరణ తర్వాత, కార్మిక శాఖ రాజీ అధికారికి అర్జీ పెట్టి 45 రోజులు గడిస్తే ప్రభుత్వం వివాదాన్ని కోర్టుకు పంపే రిఫరెన్సు కోసం చూడకుండా లేబర్ కోర్టుకే వెళ్లే వీలు వచ్చింది. ఈ జిల్లా వాళ్లకు ఆ కోర్టు విశాఖపట్నంలో ఉంది.

అసలు చిక్కు కోర్టులో వేసే క్లెయిమ్ స్టేట్‌మెంట్‌లోనే. 25ఎఫ్ రక్షణ దక్కాలంటే తొలగించిన తేదీకి ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండాలి, అది చూపే భారం కార్మికుడిదేనని 2002 హదిమని కేసు చెప్పింది. ‘ఏళ్ల తరబడి పనిచేశాను’ అని రాసి వదిలేసిన క్లెయిములు ఇక్కడే కూలిపోతాయి. చేరిన తేదీ, ఆపేసిన తేదీ, నెలవారీ హాజరు విడివిడిగా రాయాలి. మన ఉదాహరణలో అసలు పనిదినాలు 205 మాత్రమే. జీతంతో కూడిన ఆదివారాలు, సెలవులు 43 కలిపితే 248. ఆ సెలవులూ లెక్కలోకి వస్తాయని 1985లోనే తీర్పు ఉన్నా చాలామంది వదిలేస్తారు.

మస్టరు మిల్లు దగ్గరే ఉంటుంది కదా! అందుకే స్టేట్‌మెంట్‌తోపాటే మస్టరు రోలు, వేతన రిజిస్టరు తెప్పించమని వేరే పిటిషన్ వేయాలి, కార్మికుడు స్వయంగా బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. అలా చెప్పాక యాజమాన్యం రికార్డు దాచిపెడితే, అది కేసును బట్టి వాళ్లకే ఎదురు తిరగొచ్చు. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ చందా వివరాలు జతచేస్తే నెలలు పొల్లుపోవు.

‘తొలగించాక మరెక్కడా సంపాదన లేదు’ అన్న వాక్యం మరిచిపోకూడదు. తొలగించిన రోజు నుంచి ఆగిపోయిన జీతం రాబట్టుకోవడానికి ఆ మాట కార్మికుడే ముందు చెప్పాలని 2013 దీపాలి గుండు కేసులో సుప్రీంకోర్టు అంది. రోజుకూలీల విషయంలో మాత్రం తిరిగి ఉద్యోగం బదులు ఏకమొత్తం పరిహారంతో సరిపెట్టే తీర్పులు పెరిగాయి. కాబట్టి కోర్టును కోరే ప్రార్థనలో రెండూ అడగడమే మేలు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. నోటీసు, 15 రోజుల లెక్క అందులోనూ ఉన్నాయి గానీ, తొలగింపుపై వివాదం లేవనెత్తడానికి ఉన్న మూడేళ్ల గడువు రెండేళ్లకు తగ్గింది.