జలుబు మాత్రలో దాక్కున్న పారాసిటమాల్

పారాసిటమాల్‌ను 1870లలోనే తయారుచేసినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో నొప్పికి, జ్వరానికి ఎసిటానిలైడ్ అనే మందు వాడేవారు. అది ఒంట్లో పారాసిటమాల్‌గా మారాకే పనిచేస్తోందని 1948లో అమెరికాలో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. దాంతో నేరుగా పారాసిటమాల్‌నే ఇవ్వడం మొదలైంది. 1955లో అమెరికాలో పిల్లల సిరప్‌గా, 1956లో బ్రిటన్‌లో 500 మిల్లీగ్రాముల మాత్రగా వచ్చింది. తిరకాసు పేరు దగ్గరే మొదలైంది. పారా-ఎసిటైల్‌అమినోఫినాల్ అనే రసాయన నామాన్ని బ్రిటన్‌లో పారాసిటమాల్‌ అని కుదించుకుంటే, అమెరికాలో ఎసిటమినోఫెన్‌ అని కుదించుకున్నారు. రెండు పెట్టెల మీద రెండు పేర్లు చూసి ఇవి వేర్వేరు మందులనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుందని 1966లో బ్రిటన్ వైద్యులు రాశారు. ఎందుకన్నది 1973లో తెలిసింది. ఈ మందులో కొద్ది భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. కాలేయ కణాల్లోనే ఉండే గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. ఆ గ్లుటాథయోన్ నిల్వ అయిపోతే విషం కాలేయ కణాల మీద పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు విడతకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, 24 గంటల్లో అన్నీ కలిపి 4000 దాటకూడదు. బరువు బాగా తక్కువున్నా, మద్యం అలవాటున్నా, కాలేయ జబ్బున్నా పరిమితి ఇంకా తగ్గుతుంది. అది డాక్టరే చెప్పాలి.

ఒకాయనకు జ్వరం, జలుబు పట్టుకున్నాయనుకుందాం. జ్వరానికి 650 మాత్ర రోజుకు నాలుగు: 2600. ముక్కు దిబ్బడకు వేరే జలుబు మాత్ర మూడుసార్లు. దాని వెనక చిన్న అక్షరాల్లో ఫెనైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్‌తోపాటు పారాసిటమాల్ 500 అని ఉంది. మూడుకు 1500. మొత్తం 4100. ఆయన లెక్కలో మాత్రం పారాసిటమాల్ నాలుగు మాత్రలే! నిద్ర పట్టడానికి రాత్రిపూట ఫ్లూ సిరప్ కూడా తాగితే లెక్క ఇంకా పైకిపోతుంది.

పిల్లల మోతాదు బరువును బట్టి. సాధారణంగా కిలోకు 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు విడతలు మించకుండా. పది కిలోల బిడ్డకు విడతకు 150. ఐదు మిల్లీలీటర్లకు 120 ఉన్న సిరప్ అయితే అది ఆరు మిల్లీలీటర్ల పైచిలుకు. సీసా మారి, ఐదు మిల్లీలీటర్లకు 250 ఉన్నది చేతికొస్తే, అదే ఆరు మిల్లీలీటర్లలో 300 పోతుంది. చెంచా కొలత ఒకటే, మందు రెండింతలు. రెండు మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో మందు పోయకుండా డాక్టరుకు చూపించాల్సిందే.

దాగిన మోతాదు గొడవ వల్లే, డాక్టరు చీటీతో ఇచ్చే మిశ్రమ మాత్రల్లో ఒక్కోదానికి 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మించొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో కంపెనీలను కోరింది. చీటీ లేకుండా కొనే జలుబు మాత్రలు ఆ పరిధిలోకి రాలేదు.

మోతాదు మించిన మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. పొట్ట కుడివైపు పైన నొప్పి, కళ్లు పచ్చబడటం తర్వాత ఎప్పుడో వస్తాయి. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు ఇస్తేనే బాగా కాపాడుతుంది. అందుకే ఎక్కువైందని అనుమానం వచ్చిన వెంటనే, లక్షణాల కోసం చూడకుండా, వేసుకున్న మందుల స్ట్రిప్పులన్నీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.