గునుగు పువ్వు ఎందుకు అలుక్కుపోతోంది: నాలుగు అంకెలు ఒక్క స్లైడర్ అయిన కథ

సద్దుల బతుకమ్మ వీడియోలు స్టూడియోల నుంచి ఇళ్లకు చేరడం మొదలైందంటే వరంగల్, హనుమకొండల్లో పాత పంచాయితీ మళ్లీ లేస్తుంది. పద్మాక్షి గుట్ట కాడ రాత్రి ఫోన్‌తో తీసిన వీడియోలో చీకటి ఉన్నచోటల్లా ఎర్రటి, ఊదా రంగు చుక్కలు మినుకుమినుకుమంటుంటాయి. "అన్నా, కొంచెం క్లీన్ చేసియ్యి" అంటారు. క్లీన్ చేసి ఇస్తే "గునుగు పువ్వు దూదిలెక్కయింది, అమ్మ మొకంల గీతలన్నీ పోయినయి" అని తిరిగొస్తారు. ఎడిటర్ ఫోన్‌ను తప్పుపడతాడు, ఫోన్‌తో తీసినవాళ్లు ఎడిటర్‌ను తప్పుపడతారు.

ఫోన్ సెన్సర్ చిన్నది, రాత్రి వెలుతురు తక్కువ, అందుకే ఈ చుక్కలు, అంటే గ్రెయిన్ లేదా నాయిస్, వస్తాయి. ఇది తెలియనివాళ్లు లేరు కాబట్టి అక్కడ ఆగడం లేదు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2003 దగ్గరికి వెళ్లాలి. ఆ ఏడాది ఎంప్లేయర్ అనే ఉచిత వీడియో ప్లేయర్ కోసం డేనియల్ మొరెనో ఈ గ్రెయిన్‌ను తగ్గించే ఒక ఫిల్టర్ రాశారు. పేరు `hqdn3d`. తర్వాత అది కమాండ్‌లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో టూల్‌లోకి వచ్చింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. దానికి ఒక అంకె కాదు, నాలుగు అంకెలు ఇవ్వాలి. మొదటిది ఒకే ఫ్రేములో పక్కపక్క పిక్సెళ్ల వెలుగును ఎంత కలపాలో చెబుతుంది, రెండోది అలాగే రంగును. మూడోది ముందు ఫ్రేముతో వెలుగును ఎంత కలపాలో, నాలుగోది రంగును ఎంత కలపాలో చెబుతుంది.

వెలుగునూ రంగునూ విడదీయడంలోనే అసలు విషయం ఉంది. మామూలు ఫోన్ వీడియో ఫైల్లో ఈ రెండూ వేర్వేరుగా నిల్వ ఉంటాయి. 1920×1080 వీడియోలో వెలుగు సమాచారం పూర్తి కొలతలో ఉంటే, రంగు సమాచారం 960×540 మాత్రమే. అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ. గునుగు కంకి మీది నూగు, చీర జరీ, ముఖం మీది ముడతలు మనకు కనిపించేది ముఖ్యంగా వెలుగు తేడాల వల్లనే. రంగును కొంత మెత్తబరిచినా మన కన్ను పెద్దగా పట్టుకోదు. మరోవైపు రాత్రిపూట ఎక్కువ చెడేది రంగే. పసుపుపచ్చ దీపాల వెలుతురులో నీలం చాలా తక్కువ. ఫోన్ తెలుపును సరిచేయడానికి నీలాన్ని బాగా పెంచుతుంది, దానితోపాటు నీలంలోని నాయిస్ కూడా పెరుగుతుంది. ఆ ఊదా చుక్కలు వచ్చేది చాలావరకు ఇలాగే.

కాబట్టి రంగు మీద గట్టిగా, వెలుగు మీద తేలిగ్గా చేయి వేయాలి. నాలుగు అంకెలు ఉన్నప్పుడు ఇది చేతిలో పని. తర్వాత వచ్చిన చాలా యాప్‌లలో ఆ నాలుగూ పోయి 'నాయిస్ రిడక్షన్' అనే ఒకే స్లైడర్ మిగిలింది. చుక్కలు పోయేదాకా దాన్ని జరుపుతారు, చుక్కలతోపాటే నూగూ పోతుంది. నా దృష్టిలో మలుపు ఇదే. ఫోన్లు మారడం కన్నా ఈ కుదింపే ఎక్కువ నష్టం చేసింది.

విచిత్రమేమిటంటే ఆ పాత ఫిల్టర్‌లోనూ ఒక్క అంకె ఇచ్చి వదిలేస్తే ఇదే జరుగుతుంది. `hqdn3d=6` అని రాస్తే మిగతా మూడింటిని అదే లెక్కగట్టి 6, 4.5, 9, 6.75 చేసుకుంటుంది. వెలుగుకు ఎక్కువ, రంగుకు తక్కువ. ఫోన్ రాత్రి వీడియోకు కావలసినదానికి సరిగ్గా తలకిందులు.

ఇక్కడ దెబ్బ గునుగుకే ఎందుకు తగులుతుంది, తంగేడుకు ఎందుకు తగలదు? ఈ ఫిల్టర్ రెండు పిక్సెళ్ల తేడా చిన్నదైతే నాయిస్ అనుకుని కలిపేస్తుంది, పెద్దదైతే అంచు అనుకుని వదిలేస్తుంది. పచ్చని తంగేడు రేకుకూ వెనక చీకటికీ మధ్య తేడా పెద్దది, అది బతుకుతుంది. గునుగులో ఒక పోగుకూ పక్క పోగుకూ తేడా గ్రెయిన్ అంతే ఉంటుంది, అందుకే కలిసిపోతుంది.

నడిమధ్య బతుకమ్మను పెట్టి చుట్టూ ఆడవాళ్లు తిరుగుతున్న ఒక షాట్ తీసుకుందాం, ఫోన్ ట్రైపాడ్ మీద ఉంది. బతుకమ్మ కదలదు కాబట్టి అక్కడ ముందు ఫ్రేములతో కలపడం చాలా లాభం. నాలుగు ఫ్రేముల సగటు తీస్తే గ్రెయిన్ సగానికి తగ్గుతుంది, పోగులు ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే మొదటి అంకె చాలా తక్కువ పెట్టి, వెలుగు పనిని మూడో అంకెకు అప్పగించాలి.

```
ffmpeg -i night.mp4 -vf "hqdn3d=0.8:7:3:6" -c:v libx264 -crf 17 -c:a copy out.mp4
```

మొదటి అంకె 0 పెడదామనుకుంటే పొరపాటు. సున్నాను అది 'ఏమీ ఇవ్వలేదు' అని తీసుకుని 4 వేసుకుంటుంది. నాలుగో అంకెను మరీ పెంచితే చప్పట్లు కొట్టే చేతుల వెనక, తిరిగే చీరల వెనక రంగు మరక కాసేపు వేలాడుతుంది. కనిపిస్తే 6ను 4కు దించాలి. చేత్తో పట్టుకుని తీసిన వీడియోలో ప్రతి పిక్సెలూ కదులుతుంది కాబట్టి మూడో అంకె వల్ల అంత లాభం ఉండదు. అలాంటిచోట రంగు చుక్కలు తీసి గ్రెయిన్‌ను ఉండనివ్వడమే మేలు.

అలుక్కుపోయిందో లేదో కంటి అంచనాకు వదలక్కర్లేదు. 2005లో నాన్ లోకల్ మీన్స్ అనే నాయిస్ తీసే పద్ధతిని తెచ్చిన పరిశోధకులు బువాదెస్, కోల్, మొరెల్ దీనికి మంచి పరీక్ష చూపించారు. ఏం మిగిలిందో కాదు, ఏం తీసేశామో చూడాలి. ఎడిటింగ్‌లో అసలు వీడియో మీద క్లీన్ చేసినదాన్ని పరిచి, బ్లెండ్ మోడ్ 'డిఫరెన్స్' పెట్టి వెలుగు పెంచండి. ఉత్త గ్రెయిన్ చుక్కలే కనిపిస్తే సరిగ్గా చేసినట్టు. గునుగు కంకుల ఆకారమో, ముఖం గీతలో తేలాయంటే వాటినే తీసేశారన్నమాట. ఈ పరీక్ష చేసి చూపించే ఎడిటర్‌తో వాదించడానికి ఏమీ ఉండదు.

'మొత్తం క్లీన్ చేయాల్సిందే' అనేవాళ్ల మాటలో ఒక నిజం ఉంది. ప్రతి ఫ్రేములో మారే గ్రెయిన్‌ను కంప్రెస్ చేయడం కష్టం. వాట్సాప్‌లో పంపితే ఆ గ్రెయిన్ గడులు గడులుగా విరిగి ఇంకా అసహ్యంగా కనిపిస్తుంది. అయితే అది వాట్సాప్ కాపీకి సంబంధించిన మాట. దానికోసం మూడో అంకె పెంచి వేరే చిన్న కాపీ చేయవచ్చు, ఇంట్లో దాచుకునే ఫైలును ముట్టుకోనక్కర్లేదు.

ఫోన్ మీద నింద కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఫైల్ సేవ్ కాకముందే ఫోన్ చిప్ కొంత నాయిస్ తీసేస్తుంది, అక్కడ పోయిన పోగు ఏ ఫిల్టర్‌తోనూ తిరిగి రాదు. అందుకే అసలు ఫైలును వాట్సాప్‌లో కాకుండా కేబుల్‌తోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకుని 200 శాతం జూమ్‌లో చూడాలి. అందులోనే గునుగు మెత్తబడి ఉంటే తప్పు ఫోన్‌ది. అందులో పోగులు ఉండి, ఇచ్చిన వీడియోలో లేకపోతే తప్పు స్లైడర్ జరిపిన చేతిది. ఇన్నేళ్ల పంచాయితీలో స్టూడియోలు అసలు ఫైలును పక్కన పెట్టి చూపించిన సందర్భాలు తక్కువ.